తప్పు ఒప్పుకోని కాగితంలో మనం ఏం రాయించుకోవాలి



ఈ భాగం ఒకే ఒక్క వాక్యం గురించి. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో గానీ, విజయనగరం చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలో గానీ కాంట్రాక్టు కార్మికుడు పనిలో చనిపోతే, గేటు ముందు బైఠాయింపు మొదలవుతుంది. ఆర్డీవో వస్తాడు, డీఎస్పీ వస్తాడు, యూనియన్ నాయకులు, ఊరి పెద్దలు వస్తారు. అర్ధరాత్రి దాకా మాటలు నడుస్తాయి. చివరికి ఒక తెల్ల కాగితం మీద ఒప్పందం రాస్తారు. అందులో దాదాపు ఎప్పుడూ ఉండే వాక్యం ఇది: "యాజమాన్యం ఎటువంటి బాధ్యతనూ అంగీకరించకుండా, కేవలం మానవతా దృక్పథంతో ఈ మొత్తాన్ని చెల్లిస్తున్నది."

ఈ వాక్యం వినగానే మన కుర్రాళ్లకు మండుతుంది. ప్రాణం పోయింది, తప్పు మాత్రం ఎవరిదీ కాదట, పైగా దానం చేస్తున్నారట! మండడం న్యాయమే. "తప్పు ఒప్పుకుంటూ రాస్తేనే సంతకం" అని పట్టుబడతారు. అక్కడ రెండు మూడు గంటలు పోతాయి. ఈలోగా మార్చురీ దగ్గర కూర్చున్న కుటుంబం అలసిపోతుంది. చివరికి ఆ వాక్యం అలాగే ఉంటుంది. దానితోపాటు మనం పట్టించుకోని ఇంకో మూడు వాక్యాలు కూడా కాగితంలోకి చేరిపోతాయి. అసలు నష్టం ఆ మూడింటి వల్ల జరుగుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. "బాధ్యత అంగీకరించకుండా" అనే మాట మీద పోట్లాడకండి. దాన్ని వాళ్లకు వదిలేసి, బదులుగా వేరేవి రాయించుకోండి.

ముందు ఒక హద్దు. ఇది పని ప్రమాదాలు, కూలి బకాయిలు, భూమి హద్దుల వంటి తగాదాలకు చెప్తున్న మాట. కులదాడులకు కాదు. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల ప్రాణాలు పోయాయి. అక్కడ మడ్డువలస ప్రాజెక్టు భూమి తగాదా ఒకటి, హత్యలు ఇంకొకటి. భూమి సంగతి ఏదో ఒక బల్ల ముందు తేలవచ్చు. హత్యలు ఏ బల్ల ముందూ తేలవు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును ఠాణాలో గానీ లోక్ అదాలత్‌లో గానీ రాజీ చేసే అధికారం ఎవరికీ లేదు. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

వాళ్లు ఆ మాట ఎందుకు అడుగుతారు?

అహంకారం ఒక్కటే కారణం కాదు. ఫ్యాక్టరీకి బీమా ఉంటుంది. తమను అడగకుండా ఎక్కడా బాధ్యత ఒప్పుకోకూడదనే షరతు ఇలాంటి పాలసీల్లో మామూలుగా ఉంటుంది. ఒప్పుకుంటూ సంతకం చేస్తే బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టవచ్చని మేనేజర్ భయం. రెండోది, ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వేరే విచారణ చేస్తాడు, పోలీసులు నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు కడతారు. ఆ రెండింటిలోనూ తన సంతకమే తన మీదికి వస్తుందని ఇంకో భయం. కాబట్టి ఎంతసేపు కూర్చోబెట్టినా గేటు దగ్గరి హెచ్‌ఆర్ మేనేజర్ ఆ వాక్యం తీయలేడు. తీసే అధికారం అతనికి లేదు.

మరి ఆ వాక్యం వల్ల మనకు పోయేదేమిటి? నేరం విషయంలో దాదాపు ఏమీ పోదు. నిర్లక్ష్యం రుజువయ్యేది పోస్టుమార్టం నివేదికతో, తనిఖీ అధికారి నివేదికతో, ఆ రోజు ఆ యంత్రానికి రక్షణ కవచం ఉందా లేదా అన్న సాక్ష్యంతో. రాజీ కాగితంలో ఒప్పుకోలు లేనంత మాత్రాన ఇవేవీ మాయం కావు. డబ్బు విషయంలో కూడా పని ప్రమాదాల చట్టాలు తప్పు ఎవరిదని అడగవు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగిందా అనే అడుగుతాయి. యజమాని తప్పు లేకపోయినా కుటుంబానికి హక్కు ఉంటుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మనకు కావలసింది ఒప్పుకోలు కాదు, వాస్తవం.

ఒప్పుకోలు వేరు, వాస్తవం వేరు

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది: "కంపెనీలో పనిచేయు ఫలానా వ్యక్తి అస్వస్థతకు గురై మరణించినందున..."

రెండోది: "ఫలానా కాంట్రాక్టరు ద్వారా ఈ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ఫలానా వ్యక్తి, ఫలానా తేదీన రెండో షిఫ్టులో, రాత్రి 8 గంటల ప్రాంతంలో, ఫలానా బ్లాకులో విధుల్లో ఉండగా జరిగిన ప్రమాదంలో గాయపడి మరణించినందున..."

రెండో వాక్యంలో ఎవరి తప్పూ లేదు. ఎవరూ బాధ్యత ఒప్పుకోలేదు. అయినా కుటుంబానికి జీవితాంతం పనికొచ్చే నాలుగు విషయాలు అందులో ఉన్నాయి: అతను అక్కడ పనిచేస్తున్నాడు, ఆ సమయంలో డ్యూటీలో ఉన్నాడు, ఆ చోట ఉన్నాడు, ప్రమాదంలో పోయాడు. మొదటి వాక్యం మీద సంతకం పెడితే రేపు "గుండెపోటు కదా, మీరే రాసి ఇచ్చారు" అంటారు. గేటు దగ్గర మూడు గంటలు పోట్లాడే ఓపిక ఉంటే ఈ వాక్యం మీద పోట్లాడండి. "మీరు బాధ్యత ఒప్పుకోవద్దులెండి, జరిగింది జరిగినట్టు రాయండి" అంటే కాదనడానికి వాళ్ల దగ్గర మంచి కారణం ఉండదు. కాదన్నారంటే ఏదో దాస్తున్నారని బల్ల చుట్టూ కూర్చున్న అధికారులకు కూడా అర్థమవుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. మనిషికి 30 ఏళ్లు, నెల జీతం 15,000. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. గేటు దగ్గర మాటలు 5 లక్షల దగ్గర మొదలై 15 లక్షల దగ్గర ఆగాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాగితంలో చివరి వాక్యం: "దీనితో మృతుని కుటుంబానికి యాజమాన్యం నుండి రావలసిన సమస్త బకాయిలు, క్లెయిములు పూర్తిగా తీరిపోయినవి."

జీతం 21,000 లోపు కాబట్టి అతను ఈఎస్ఐ పరిధిలో ఉంటాడు. పని ప్రమాదంలో మరణిస్తే ఆధారపడిన వాళ్లకు ఈఎస్ఐ నెలనెలా పింఛను ఇస్తుంది. అది సగటు దినవేతనంలో 90 శాతం. నెలకు 15,000 అంటే రోజుకు 500, అందులో 90 శాతం 450. నెలకు సుమారు 13,500. దాన్ని భార్యకూ పిల్లలకూ వాటాలుగా పంచుతారు. మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం భార్య వాటా జీవితాంతం వస్తుంది. ఏడాదికి 1,62,000 అనుకుంటే, పిల్లలు ఇంకా చదువుకుంటూ ఉండగానే, తొమ్మిదేళ్లు దాటేసరికి 15 లక్షలు అవుతుంది. ఇది కాక పీఎఫ్ ఉంటే దానికి అనుబంధంగా ఉండే బీమా కింద 7 లక్షల దాకా రావచ్చు.

ఈఎస్ఐ పింఛను కంపెనీ జేబులోది కాదు. కాబట్టి దాన్ని వదులుకుంటున్నట్టు కంపెనీకి రాసిచ్చినా చట్టం ముందు అది నిలవదు. కానీ ఆ పింఛను రావాలంటే యజమాని ప్రమాద నివేదిక పంపాలి, హాజరు, జీతం రికార్డులు ఇవ్వాలి. "అన్నీ తీరిపోయాయి" అని సంతకం చేసిన కుటుంబం ఆ కాగితాల కోసం మళ్లీ గేటు దగ్గరికి వెళ్తే, సెక్యూరిటీ గార్డు దాటి లోపలికి పోనివ్వరు. "మీది అయిపోయింది కదమ్మా" అంటారు. ఆమె కూడా అయిపోయిందనే అనుకుంటుంది. హక్కు ఎక్కడికీ పోలేదు, అడగాలన్న ఆలోచన పోయింది.

ఈఎస్ఐ వర్తించని చోట్ల, అంటే ఇటుక బట్టీలు, కొన్ని నిర్మాణ పనుల వంటి చోట్ల, ఉద్యోగుల నష్టపరిహారం వర్తిస్తుంది. మరణానికి లెక్క ఇది: నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లకు గుణకం 207.98. మన ఉదాహరణలో 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850. అంటే గేటు దగ్గర "దయతో" ఇస్తామన్న 15 లక్షలు చట్టం ఇవ్వమన్న దానికంటే తక్కువ! పైగా మరణానికి ఇచ్చే పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతిలో నేరుగా పెట్టిన డబ్బును చట్టం పరిహారంగా లెక్కించదు. మన జిల్లాల్లో ఆ కమిషనర్ పని చేసేది కార్మిక శాఖ అధికారులే. 1923 నాటి ఆ చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిశాయి. పేర్లు మారినా తప్పుతో పని లేని పరిహారం అనే సూత్రం అలాగే ఉంది.

అందుకే "అన్నీ తీరిపోయాయి" అన్న చోట ఈ వాక్యం రాయించండి: "ఈ మొత్తం చట్టప్రకారం కుటుంబానికి రావలసిన ఈఎస్ఐ, పీఎఫ్, బీమా, గ్రాట్యుటీ, నష్టపరిహారాలకు అదనం. వాటికి కావలసిన నివేదికలు, రికార్డులు యాజమాన్యం పదిహేను రోజుల్లో ఇస్తుంది." వాళ్లు మానవతా దృక్పథం అన్నారు కదా. మానవత్వంతో ఇచ్చేది చట్టం ఇచ్చేదానికి అదనమే అవుతుంది. వాళ్ల మాటనే పట్టుకుని అడగండి. "బాధ్యత అంగీకరించకుండా" అన్న వాక్యం ఇక్కడ మనకే పనికొస్తుంది: బాధ్యత లేదని ఇచ్చిన డబ్బును, రేపు బాధ్యత కింద కట్టవలసిన డబ్బులోంచి తగ్గించమని అడగడం కష్టం.

డబ్బు వేరు, కేసు వేరు

కాగితంలో దూరే రెండో వాక్యం: "కుటుంబ సభ్యులు యాజమాన్యంపై ఎటువంటి కేసులూ పెట్టరు, పెట్టిన కేసులు ఉపసంహరించుకుంటారు."

దీనికి భోపాల్ కంటే పెద్ద పాఠం లేదు. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందు యూనియన్ కార్బైడ్, భారత ప్రభుత్వం 47 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నాయి. తప్పు ఎవరిదో తేల్చలేదు. డబ్బుతోపాటు క్రిమినల్ కేసులు కూడా కొట్టేశారు. బాధితులు పోరాడారు. 1991 అక్టోబరులో అదే కోర్టు పునస్సమీక్షలో డబ్బు ఒప్పందాన్ని ఉంచి, క్రిమినల్ కేసులను తిరిగి తెరిచింది. 2010లో భోపాల్ కోర్టు భారతీయ అధికారులకు శిక్ష వేసింది. రెండేళ్లే, చాలా తక్కువ. కానీ ఒప్పందం ఉన్నా శిక్ష పడింది. డబ్బు సంగతి మాత్రం వేరు. ఇంకా పరిహారం కావాలన్న పిటిషన్‌ను 2023 మార్చిలో రాజ్యాంగ ధర్మాసనం తోసిపుచ్చింది. మూసిన డబ్బు తలుపు ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా తెరుచుకోలేదు.

మన గేటు ముందు కాగితానికీ ఇదే వర్తిస్తుంది. నిర్లక్ష్యం వల్ల మరణం అనే నేరం రాజీ పడదగిన నేరాల జాబితాలో లేదు. ఆ కేసు కుటుంబం పెట్టిందైనా నడిపేది రాజ్యం. ఉపసంహరించుకుంటామని కుటుంబం రాసివ్వడానికి అది వాళ్ల చేతిలోది కాదు. అలా రాయిస్తే కలిగే ఫలితం ఒకటే: సాక్షిగా పిలిచిన రోజున ఆ ఇల్లాలు భయపడుతుంది, "డబ్బు తీసుకుని ఇప్పుడు చెప్తే నన్నే జైల్లో వేస్తారేమో" అని. ఆ భయం కోసమే ఆ వాక్యం రాస్తారు. దాని బదులు ఇలా రాయించండి: "ఈ ఒప్పందం డబ్బు చెల్లింపుకు మాత్రమే సంబంధించినది. పోలీసు, ఫ్యాక్టరీల శాఖల విచారణలతో దీనికి సంబంధం లేదు."

పైన రాసే ఆ రెండు ఇంగ్లీషు మాటలు

మూడో ప్రమాదం కాగితం నెత్తిన ఉంటుంది. కంపెనీ లాయరు పైన "వితౌట్ ప్రెజుడిస్" అని రాస్తాడు. ఆ మాటకు సరైన చోటు ఒకటుంది. రాజీ మాటల్లో ఎవరేమన్నా, సివిల్ దావాలో దాన్ని ఒప్పుకోలుగా వాడకూడదని సాక్ష్య చట్టం చెబుతుంది. పాత చట్టంలో అది 23వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 21వ సెక్షన్. మంచి రక్షణే, మనకూ కావాలి. "పది లక్షలకైనా ఒప్పుకుంటాం" అని మన పెద్దమనిషి నోరు జారితే, రేపు దావాలో "మీ లెక్కే పది కదా" అనకుండా ఆపేది అదే.

కానీ ఆ రక్షణ మాటలకు. మాటలు ముగిసి సంతకాలైన ఒప్పందం నెత్తిన అదే ముద్ర వేస్తే, చెక్కు వెనక్కి వచ్చిన రోజున "ఇది కోర్టులో చూపించకూడని కాగితం" అని వాదించడానికి వాళ్లకు సందు దొరుకుతుంది. ఆ వాదన చివరికి నిలవకపోవచ్చు. కానీ దాన్ని ఓడించడానికి ఆ కుటుంబం ఏళ్లు తిరగాలి. అందుకని తుది పత్రం మీద ఆ ముద్ర కొట్టేయించండి. బాధ్యత అంగీకరించని వాక్యం లోపల ఉంటే చాలు, దాని కింద ఇది చేర్చండి: "ఈ ఒప్పందం అమలు కోసం ఈ పత్రాన్ని ఏ కోర్టు ముందైనా, అధికారి ముందైనా చూపవచ్చు."

ఎవరు ఇస్తారు, ఎవరికి, ఎప్పుడు

చాలా కాగితాల్లో "యాజమాన్యం" అని మాత్రమే ఉంటుంది. ఏ యాజమాన్యం? కాంట్రాక్టరుదా, ఫ్యాక్టరీదా? తీరా చెక్కు కాంట్రాక్టరుది, అతను మరుసటి నెల కనిపించడు. అసలు ఫ్యాక్టరీ పూర్తి పేరు, సంతకం పెట్టే అధికారి పేరు, హోదా, కంపెనీ ముద్ర ఉండాలి. కాంట్రాక్టరు కట్టకపోతే ఫ్యాక్టరీ కడుతుందని ఒక వాక్యం ఉండాలి. "త్వరలో" అని కాకుండా తేదీ ఉండాలి. ఆ తేదీ దాటితే వడ్డీ ఎంతో ఉండాలి.

డబ్బు భార్య ఖాతాలోకి, పిల్లల పేరిట డిపాజిట్లలోకి విడివిడిగా వెళ్లాలి. మామగారి పేరునో, "ఊరి తరఫున" ఒక పెద్దమనిషి పేరునో చెక్కు రాసిన చోట తర్వాత పెట్టే తగువు ఇంకో కథ. ఆమె మార్చురీ దగ్గర స్పృహ లేనట్టు కూర్చుని ఉంటే, ఆమె తరఫున వేరేవాళ్లు సంతకం పెట్టడం దయ కాదు. ఒక గంట ఆగండి. కాగితం ఆమెకు తెలుగులో, మొత్తం, గట్టిగా చదివి వినిపించాలి. "ఏటి రాసారు బాబూ అందులో?" అని ఆమె అడిగే దాకా ఆగి, జవాబు చెప్పాలి. వేలిముద్ర వేస్తే, చదివి వినిపించినవాళ్లు ఎవరో పక్కన పేరు రాసి సంతకం చేయాలి. మధ్యవర్తిగా కూర్చున్న ఆర్డీవో గానీ కార్మిక అధికారి గానీ "నా సమక్షంలో" అని తేదీతో సంతకం పెట్టాలి. అసలు ప్రతి ఒకటి ఆ రాత్రే ఆమె చేతికి రావాలి, జిరాక్స్ కాదు.

ఆ కాగితానికి పళ్లు రావాలంటే

ఇంతా చేసినా అది ఒక ఒప్పందమే. ఎగ్గొడితే దావా వేయాలి. దాన్ని కోర్టు డిక్రీతో సమానం చేసే దారి మన జిల్లాల్లోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయ సేవాధికార సంస్థల దగ్గర, దావా వేయకముందే, ఈ డబ్బు ఒప్పందాన్ని లోక్ అదాలత్ ముందు పెట్టి అవార్డుగా మార్పించవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీ లాంటిది, దాని మీద అప్పీలు లేదు. కట్టకపోతే నేరుగా అమలు పిటిషనే. అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాది హక్కు. కానీ రెండు పక్షాలూ రావాలి. బయట గుంపు తగ్గాక కంపెనీ రాదు. అందుకని "ఫలానా తేదీలోగా ఇరుపక్షాలూ లోక్ అదాలత్ ముందు హాజరై ఈ ఒప్పందాన్ని అవార్డుగా నమోదు చేయించుకుంటారు" అన్న వాక్యం ఆ రాత్రే పడాలి. అప్పీలు లేదన్నది మనకూ వర్తిస్తుంది. కాబట్టి "అదనం" అన్న వాక్యం లేకుండా అక్కడికి వెళ్లకండి.

కొందరు మిత్రులు అడుగుతారు: ఇదంతా సరే, తప్పు చేసినవాడు తప్పు చేశానని అనకుండానే పోతాడా, మన మనిషి ప్రాణానికి గౌరవం ఏది? నేను ఇలా అనుకుంటాను. అర్ధరాత్రి గేటు దగ్గర, జనాన్ని చూసి భయంతో రాసిన ఒప్పుకోలుకు గౌరవం తక్కువే. రేపు కోర్టులో "బలవంతంగా రాయించారు" అనేస్తారు. ఆ మనిషి ఏ బ్లాకులో, ఏ షిఫ్టులో, ఏ పని చేస్తూ పోయాడో పేరుతో సహా రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించిన వాక్యం అలా కొట్టుకుపోదు. తప్పు ఎవరిదో తేల్చే పని కోర్టుది. తేల్చడానికి పనికొచ్చే నిజాన్ని కాగితం మీద పెట్టించడం ఆ రాత్రి అక్కడ ఉన్న మన పని.

విద్యార్థి మిత్రులు ఒక్క పని చేయండి. మీ ఊళ్లో ఇలాంటి ఒప్పంద పత్రం ఎవరి ఇంట్లోనైనా ఉంటే, వాళ్ల అనుమతితో తీసి చదవండి. ప్రమాదం జరిగిన తీరు రాసి ఉందా, "అన్నీ తీరిపోయాయి" అని ఉందా, ఈఎస్ఐ పింఛను వస్తోందా అని చూడండి. రాకపోతే ఆ కాగితాన్ని చూసి ఆగిపోవద్దు, ఈఎస్ఐ కార్యాలయంలో దరఖాస్తు పెట్టించండి. ఆ తలుపు ఆ సంతకంతో మూసుకుపోలేదు.

కాంట్రాక్టరు ప్రమాదం జరిగిన రోజే హడావుడిగా ఈఎస్ఐ నంబరు తీసిన చోట ఏం చేయాలన్నది వచ్చే భాగంలో.

జై భీమ్.